ఎస్‌టీఎల్ పంపేటప్పుడు ఒక్క కొలతైనా రాసి పంపండి

త్రీడీ ప్రింటింగ్‌కి ఫైళ్లు పంపేవాళ్ల మీద, వాటిని అందాజాగా పెంచేసి ప్రింట్ చేసేవాళ్ల మీద నాకు నిజంగానే కోపంగా ఉంది.

ఎస్‌టీఎల్ ఫైల్లో యూనిట్ ఉండదు. త్రిభుజాల మూలలు ఎక్కడున్నాయో చెప్పే అంకెలే ఉంటాయి. డిజైనర్ అంగుళాల్లో ఎక్స్‌పోర్ట్ చేసినా, స్లైసర్ వాటిని మామూలుగా మిల్లీమీటర్లుగానే తీసుకుంటుంది. దాంతో పార్ట్ 25.4 రెట్లు చిన్నదై, బెడ్ మీద చుక్కలా కనిపిస్తుంది.

ఈమధ్య నా దగ్గరికి ఒక బేరింగ్ హోల్డర్ వచ్చింది. అందులో కూర్చోవాల్సింది 608 బేరింగ్, బయటి వ్యాసం 22 మి.మీ. కాస్త వదులుంచి రంధ్రాన్ని 22.1గా గీశారు. అప్పటికే వేరేచోట ప్రింట్ చేయిస్తే బేరింగ్ దిగలేదట. ప్లాస్టిక్ కుంచించుకుపోయి ఉంటుంది, సాండ్‌పేపర్‌తో రుద్దుకోండి అన్నారట! కాలిపర్స్ పెట్టి చూస్తే రంధ్రం 21.75 ఉంది. ఉండాల్సిన 22.1ని దీంతో భాగిస్తే 1.016 వస్తుంది. 25.4ని 25తో భాగించినా అదే. అంటే స్లైసర్‌లో 0.87గా కనబడ్డ రంధ్రాన్ని 2540 శాతం పెంచాల్సింది పోయి, 2500తో సరిపెట్టారు. చూపుకి తేడా తెలియదు. బేరింగ్‌కి తెలుస్తుంది.

అందుకే మౌస్‌తో లాగి సైజు సరిచేయకండి. మీకు కచ్చితంగా తెలిసిన ఒక కొలత తీసుకుని, తెర మీద కనిపించే అంకెతో భాగించండి. 25.4 వస్తే అంగుళాలు, 10 వస్తే సెంటీమీటర్లు, 1000 వస్తే మీటర్లు. వీటిలో ఏదీ రాకపోతే, ఆ ఫైలుని మధ్యలో ఎవరో స్కేల్ చేసి ఉండొచ్చు. దాన్ని పక్కన పెట్టి అసలు ఫైలు అడగండి. తిరగబడిన కేసూ ఉంటుంది. మిల్లీమీటర్ల ఫైలుని అంగుళాలుగా చదివితే పార్ట్ బెడ్ దాటిపోతుంది, అప్పుడు 3.937 శాతానికి తగ్గించాలి. బెడ్‌కి సరిపడేలా కుదించమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగితే మాత్రం దయచేసి సరే అనకండి. అది బెడ్ సైజు చూస్తుంది, మీ బేరింగ్‌ని కాదు.

స్లైసర్‌లో పెంచడంతో ఆ ఒక్క ప్రింటే గట్టెక్కుతుంది. రేపు డిజైన్‌లో చిన్న మార్పు చేసి మళ్లీ పంపితే మళ్లీ అదే చుక్క. క్యాడ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేచోటే యూనిట్‌ని మిల్లీమీటర్లకు మార్చాలి. వీలైతే ఎస్‌టీఎల్ మానేసి 3ఎంఎఫ్ పంపండి. అది నిజానికి జిప్ ఫైలే. లోపల యూనిట్ ఇలా రాసి ఉంటుంది:

```
<model unit="millimeter">
```

మీ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌టీఎల్ తప్ప ఇంకేమీ రాదంటారా? అయితే ఫైలు పేరులోనే mm అని పెట్టి, మెసేజ్‌లో "బేరింగ్ రంధ్రం 22.1 మి.మీ." అని ఒక్క లైను రాయండి. ప్రింట్ చేసేవాళ్లు స్లైసర్‌లో ఆ రంధ్రాన్ని కొలిచి చూశాకే మెషిన్ ఆన్ చేయాలి.