పది శాతం బాబాయ్, పదే శాతం

ఫ్రీలాన్స్ పని చేయడం తేలికే, దాని బిల్లు పాస్ చేయించుకోవడానికే ఇంకో ఫ్రీలాన్సర్‌ని పెట్టుకోవాలి. నాకు ఆ ఖర్చు తప్పింది, ట్రెజరీలో పనిచేసి రిటైరైన మా నాన్న ఇంట్లోనే ఉన్నారు, ఆయనకేమో టైం పాస్ కావట్లేదు.

పని ఒక ట్రైనింగ్ కంపెనీ వీడియోలకి తెలుగు స్క్రిప్టులు, సబ్‌టైటిల్స్. గంటకి 600. మధ్యలో పని పెరిగింది, రేటు పెంచమంటే జూలై 16 నుంచి 750 అని మేనేజర్ మెయిల్ పెట్టాడు. జూన్‌లో 20,000 అడ్వాన్స్ ఇచ్చారు, అందులో 10 శాతం టీడీఎస్ కోసుకుని 18,000 అకౌంట్లో వేశారు. అది వాళ్ల తప్పు కాదులెండి, ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి 50,000 దాటేలా ఉంటే అడ్వాన్స్ మీద కూడా కోయాల్సిందే.

ఆగస్టులో ఇన్‌వాయిస్ పంపా. పాత రేటుకి 70 గంటలు 42,000, కొత్త రేటుకి 50 గంటలు 37,500, మొత్తం 79,500, అందులో అడ్వాన్స్ 20,000 పోతే 59,500, దాని మీద టీడీఎస్ 5,950, నాకు రావాల్సింది 53,550. మా నాన్న క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో వేసి చూసి, "ఇది పాస్ అవ్వకపోతే నన్ను అడుగు" అన్నారు.

పాస్ అవ్వలేదు. అకౌంట్స్ ఆయన ఫోన్ చేసి "సర్, మీ బిల్లు 72,000 ఏ వస్తోంది" అన్నాడు. పర్చేజ్ ఆర్డర్‌లో, అదే పీఓలో, 600 అని ఉందట, 120 గంటలూ దానికే కొట్టేశాడు. మెయిల్ ఉంది కదండీ అంటే, మెయిల్ మేనేజర్‌ది సర్, పీఓ కంపెనీది అన్నాడు. ఆ మేనేజర్ చేతనే పీఓ అమెండ్‌మెంట్ చేయించేసరికి వినాయక చవితి వెళ్ళిపోయింది.

చివరికి డబ్బులు పడ్డాయి, 51,550. రెండు వేలు తక్కువ! నేను ఏదో బ్యాంకు ఛార్జీ అనుకున్నా గానీ మా నాన్న కాగితం తిప్పి ఒక్క చూపులో పట్టేశారు: "ఒరేయ్, వీడు 79,500 మొత్తం మీద 7,950 కోశాడ్రా, అడ్వాన్స్ మీద ముందే కోసిన రెండు వేలు మర్చిపోయాడు."

ఫోన్ చేస్తే అకౌంట్స్ ఆయన చాలా ప్రేమగా, "పోదు సర్, మీ పాన్ మీదే జమ అవుతుంది, రిటర్న్ వేస్తే రిఫండ్ వస్తుంది" అన్నాడు. నేను సరేనండీ అనబోతుంటే మా నాన్న ఫోన్ లాక్కున్నారు.

"బాబూ, జూన్ క్వార్టర్‌లో 20,000 కి టీడీఎస్ చూపించారా?"

"చూపించాం సర్."

"ఇప్పుడు 79,500 కి చూపిస్తారా?"

"అవును సర్, బిల్లు అంతే కదా."

"అంటే ట్యాక్స్ వాళ్ల రికార్డు ఫారం 26ఏఎస్‌లో మావాడి సంపాదన 99,500 అవుతుంది. ఆ 20,000 మీరెప్పుడు ఇచ్చారు బాబూ?"

అవతల నిశ్శబ్దం, కాలిక్యులేటర్ టకటకలు తప్ప. అసలు గొడవ ఇదే, రెండు వేలు తర్వాత రిఫండ్‌గా రావచ్చేమో గానీ రాని 20,000 సంపాదించినట్టు రికార్డులో కూర్చుంటుంది, రిటర్న్‌లో 79,500 వేసి టీడీఎస్ మాత్రం మొత్తం అడిగితే లెక్క కలవట్లేదని అటునుంచి ప్రశ్న వస్తుంది. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో ఉన్నదానికంటే ధనవంతుణ్ణి చేశారు, అదీ ట్యాక్స్ వాళ్ల దగ్గర.

అదృష్టం, ఆ క్వార్టర్ టీడీఎస్ స్టేట్‌మెంట్‌కి గడువు అక్టోబర్ 31, ఇంకా వేయలేదు. నాది 59,500, 5,950 గా మార్చి, చలాన్‌లో మిగిలిన రెండు వేలు ఇంకెవరిదో టీడీఎస్‌కి సర్దుకోండి, మావాడి రెండు వేలు మావాడికి వేయండి అని మా నాన్న అంచెలంచెలుగా చెప్పారు, ఆయన "అలాగే సర్, అలాగే సర్" అని రాసుకున్నాడు, చివర్లో మీరు ఏ కంపెనీలో సీఏ సర్ అని కూడా అడిగాడు, దాంతో మా నాన్న ఆ రోజంతా నేల మీద లేరు.

దసరా ముందు రోజు బ్యాంక్ మెసేజ్ వచ్చింది. 1,800.

ఫోన్ చేశా. "ప్రొఫెషనల్ ఫీజు హెడ్‌లో ఏ పేమెంట్ వెళ్ళినా సిస్టమ్ 10 శాతం ఆటోమేటిక్‌గా కోసేస్తుంది సర్, నేనేం చేయలేను" అన్నాడు.

మా నాన్న అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని, పండక్కి బట్టలు కొన్నప్పుడు కూడా లేనంత సంతోషంతో, "ఆ 200 కి చలాన్ నంబర్ అడుగు" అంటున్నారు.