ఆమెను సంప్రదిస్తాం

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున్నే మా ఇంట్లో నెట్ పోయింది. మోడెమ్ మీద ఎర్ర లైటు నిలకడగా వెలుగుతోంది. ఆపి వేశాను, వైరు పీకి మళ్ళీ గుచ్చాను, ఊదాను కూడా. ఊదితే బాగుపడుతుందని ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ మన ఇళ్ళల్లో అన్నీ ఊదే బాగుచేస్తాం కదా. లైటు మాత్రం మారలేదు. నేనూ, రాజమండ్రి నుంచి వచ్చిన నా రూమ్మేటూ ఇటలీలోని తొరీనోలో ఒక పాత భవనం మూడో అంతస్తులో అద్దెకుంటాం. ఓనరుగారు కింద మొదటి అంతస్తులో ఉంటారు. డెబ్బై దాటిన ఆవిడని మేం సిన్యోరా అంటాం.

కంపెనీకి కంప్లయింట్ పెట్టిన నాలుగు నిమిషాలకే జవాబొచ్చింది. చదువుకోడానికి ఇటలీ రాకముందు నేను హైదరాబాద్‌లో మూడేళ్ళు ఈమెయిల్ సపోర్ట్‌లో పనిచేశాను. నాలుగు నిమిషాల్లో వచ్చే జవాబు మనిషి రాసింది కాదని, మెయిల్ తెరవకముందే తెలిసిపోయింది. అయినా తెరిచాను. వంట మానేసినవాడు కూడా పెళ్ళికెళ్తే పప్పులో ఉప్పు చూస్తాడు.

మొదలు 'జెంతీలే క్లియెంతే'. మేం రాసే 'డియర్ వాల్యూడ్ కస్టమర్'కి ఇది సొంత అన్న. పేరు తెలియనివాళ్ళని, తెలిసినా వెతికే ఓపిక లేనివాళ్ళని ఇలా పిలుస్తారు. ఆ తర్వాత మీ 'సెన్యలాత్సియోనే'ని 'ప్రేజా ఇన్ కారికో' చేశామని ఉంది. కారికో అంటే బరువు. అంటే నా బాధను భుజాన వేసుకున్నారన్నమాట! ఎంత మంచివాళ్ళు అనుకున్నాను. నిజానికి జరిగిందల్లా నా మెయిలుకి ఒక నంబరు పడటం. మా ఆఫీసులో దీన్నే 'యువర్ టికెట్ హ్యాజ్ బీన్ లాగ్‌డ్' అని రాసి, టీకి లేచేవాళ్ళం.

మూడో వాక్యంలో 'ఎవెంత్వాలి దిజాజి'కి క్షమాపణ. దిజాజి అంటే అసౌకర్యాలు. ఎవెంత్వాలి చూడగానే ఇంగ్లీషు 'ఈవెంచువల్' గుర్తొచ్చి, 'చివరికి కలగబోయే అసౌకర్యాలకు ముందే క్షమించండి' అని చదువుకున్నాను. తర్వాత జరిగింది చూస్తే ఆ తప్పు అనువాదమే సరైందనిపించింది. అసలర్థం 'ఒకవేళ ఏమైనా కలిగి ఉంటే' అని. నెట్ లేదయ్యా బాబూ అని నేను రాస్తే, 'నీకు ఇబ్బంది కలిగిందని మేం ఒప్పుకోలేదు, కలిగి ఉంటే మాత్రం సారీ' అంటున్నారు. 'వీ అపాలజైజ్ ఫర్ ఎనీ ఇన్‌కన్వీనియెన్స్ దిస్ మే హ్యావ్ కాజ్డ్' అని నేను ఎన్ని వేలసార్లు పంపానో లెక్కలేదు. అందులో 'ఎనీ' ఒక తలుపు, 'మే' ఇంకో తలుపు. రెండింట్లోంచీ తప్పించుకోవచ్చు. ఇటాలియన్ వాడికి ఒక్క మాటతోనే రెండు తలుపులూ తెరుచుకుంటాయి.

ఇక్కడిదాకా నాకు తెలిసిన ఆటే. నేను చిత్తయింది ఆఖరి వాక్యంలో. 'సారా నొస్త్రా కూరా రికొంతత్తార్లా'. ఆ రికొంతత్తార్లాలో చివరి 'లా' దగ్గర, మాట మధ్యలో ఉన్నట్టుండి క్యాపిటల్ ఎల్ ఉంది. టైపింగ్ తప్పు అనుకున్నాను. ఫోన్‌లో అనువాదం కొడితే వచ్చింది: 'ఆమెను తిరిగి సంప్రదించే బాధ్యత మాది'.

ఆమె ఎవరు?

కనెక్షన్ నా పేరు మీదే ఉంది. కానీ ఇల్లు సిన్యోరాది. ఆవిడ హద్దులో ఉన్న గోడలో వైరు కాబట్టి ఆవిడకే ఫోన్ చేస్తారు కాబోలు, ఎంత పద్ధతైన దేశం అనుకున్నాను. సాయంత్రం కిందికెళ్ళి బెల్ కొట్టాను. "సిన్యోరా, మీకు ఫోన్ వచ్చిందా?" రాలేదన్నారు. బుధవారం మళ్ళీ అడిగాను. రాలేదు. గురువారం నాకు కాఫీ ఇచ్చి, "ఎవరి దగ్గర్నుంచి రావాలి బాబూ?" అని అడిగారు. కంపెనీ నుంచి అని చెప్తే, నాకెందుకు చేస్తారన్నట్టు చూశారు గానీ ఏమీ అనలేదు. శుక్రవారం తలుపు తీస్తూనే "రాలేదు" అన్నారు. శనివారం బెల్ కొడితే అసలు తలుపే తీయలేదు. లోపల టీవీ గొంతు మాత్రం తగ్గింది.

ఈలోపు రెండో మెయిల్ వచ్చింది. మోడెమ్ ఫోటో 'కొర్తెజెమెంతే' పంపమని, అంటే దయతో పంపమని. అది చూసి నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే ఈ మర్యాద వెనక ఏముందో బాగా తెలుసు. మాకు ప్రతి టికెట్‌కీ ఇన్ని గంటల్లో తేల్చాలని గడువుండేది. గడువు ముంచుకొస్తుంటే 'కైండ్లీ షేర్ ఎ స్క్రీన్‌షాట్' అని ఒక మెయిల్ వదిలేవాళ్ళం. టికెట్ 'పెండింగ్ కస్టమర్'లోకి పోతుంది, గడియారం ఆగిపోతుంది. కస్టమర్ ఫోటో తీసి, సైజు తగ్గించి, పంపేదాకా ఆలస్యం వాడి ఖాతాలో పడుతుంది. ఎంతమందితో ఎన్ని ఫోటోలు తీయించానో! ఆ పాపం తిరిగి తిరిగి తొరీనో చేరింది. ఎర్ర లైటుని మూడు కోణాల్లో తీసి పంపాను.

ఆదివారం ఆగలేక ఫోన్ చేశాను. అవతల అమ్మాయి గొంతు తేనె. "ఉన్ అత్తిమీనో" అంది. ఇటాలియన్‌లో 'అత్తిమో' అంటే క్షణం. దానికి 'ఈనో' తగిలిస్తే బుల్లి క్షణం, మన 'ఒక్క నిమిషమండీ' లాంటిది. చెప్పలేనంత పని ఉందన్నప్పుడే ఇక్కడివాళ్ళు మాటని ఇలా చిన్నది చేస్తారు. సమస్యని 'ప్రొబ్లెమీనో' అంటే అది పెద్దదని అర్థం. సంతకాన్ని 'ఫిర్మెత్తా' అంటే చదవకుండా పెట్టమని అర్థం. ఆ బుల్లి క్షణం పద్నాలుగు నిమిషాలు సాగింది. పాట మధ్యలో ఒక గొంతు వచ్చి నా కాల్ వాళ్ళకెంత ముఖ్యమో చెప్పి పోతోంది.

చివరికి, టెక్నీషియన్ సోమవారం ఎనిమిదికీ ఒంటిగంటకీ మధ్య 'దొవ్రెబ్బే' రావాలి అంది. వస్తాడు అనలేదు, దొవ్రెబ్బే అంది. 'షుడ్ బీ దేర్' అని మేం చెప్పేవాళ్ళమే, అదే ఇది. రాకపోయినా అబద్ధం ఆడినట్టు కాదు. వాడు రావాల్సినవాడే, రాలేదంతే. సోమవారం నేను క్లాసు మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఒంటిగంటదాకా బెల్ మోగలేదు. ఒంటిగంటా పదికి మెయిల్ మోగింది.

అనువాదం కొట్టాను. 'మీ ఫైలు పారిపోయింది.'

మళ్ళీ కొట్టాను. 'లా సువా ప్రాతికా ఎ స్తాతా ఎవాజా.' జైల్లోంచి ఖైదీ తప్పించుకున్నా, ఎవరైనా టాక్సు ఎగ్గొట్టినా ఇక్కడి పేపర్లు వాడేది ఈ ఎవాజా కుటుంబం మాటే. రూమ్మేట్‌ని లేపి చూపించాను. వాడు కళ్ళు నులుముకుని, "ఒరేయ్, మన ఫైలు తెలివైనదిరా. ఆ ఆఫీసులో ఉండలేక పోయింది" అని మళ్ళీ ముసుగు తన్నాడు.

ఫోన్ పట్టుకుని కిందికి పరిగెత్తాను. సిన్యోరా నన్ను చూడగానే "రాలేదు!" అన్నారు. కాదని మెయిలు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, నా అనువాదం కూడా చదివి, కుర్చీలో కూర్చుని చాలాసేపు నవ్వారు. ఆఫీసు భాషలో ఎవాజా అంటే పారిపోవడం కాదట, పని పూర్తయిందని ఫైలు మూసేయడమట. మేం 'యువర్ టికెట్ హ్యాజ్ బీన్ రిజాల్వ్‌డ్' అనేదే. ఇక్కడ మూసేశారు గానీ పని పూర్తికాలేదు కాబట్టి, ఈ ఒక్కసారికీ నా అర్థం కూడా తప్పు కాదన్నారు.

ఆ ధైర్యంతో మొదటి మెయిలు కూడా చూపించి, ఇందులో 'ఆమె' మీరే కదా అని అడిగాను. ఆవిడకి అప్పుడు అర్థమైంది, వారంగా నేనెందుకు బెల్ కొడుతున్నానో. "ఆ ఆమెవి నువ్వేనయ్యా" అన్నారు.

విషయం ఏమిటంటే, మనం గౌరవానికి ఒక్కరినే బహువచనంలో మీరు అంటాం. ఇటాలియన్లు ఎదుటివాడు మీసాలున్న పహిల్వానైనా 'లేయి' అంటారు, అంటే ఆవిడ. ఒకప్పుడు పెద్దవాళ్ళని 'తమ ప్రభుతవారు' అన్నట్టు 'వొస్త్రా సిన్యొరీయా' అనేవారు. ఆ మాట స్త్రీలింగం కాబట్టి దానికి సర్వనామం 'ఆవిడ' అయింది. మామూలు ఆవిడ కాదు, గౌరవ ఆవిడ అని చెప్పడానికే ఆ క్యాపిటల్ ఎల్. ఈ తికమక నా ఒక్కడికే కాదట. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం ఈ మర్యాద లేయిని తీసేసి 'వోయి' అనమంది, అంటే మన 'మీరు' లాంటి బహువచనం. ఆ ఊపులో 'లేయి' అన్న పేరుతో వచ్చే ఆడవాళ్ళ పత్రిక కూడా పేరు మార్చుకుని 'అన్నబెల్లా' అయింది. ఆ పత్రిక పేరుకి అర్థం ఉత్త ఆమె. దాన్ని గౌరవం అనుకున్నారు వాళ్ళు. నేను గౌరవాన్ని ఆమె అనుకున్నాను. ప్రభుత్వానికే తప్పలేదని కొంచెం ఊరట కలిగింది.

తర్వాత సిన్యోరా కాగితం తీసి, "నువ్వు వాళ్ళకి ఏమని రాశావ్?" అన్నారు. నా మెయిలు చదివి వినిపించాను. అందులో మూడు కృతజ్ఞతలు, రెండు దయచేసిలు, ఒక 'వీలైతే' ఉన్నాయి. హైదరాబాద్ అలవాటు. ఆవిడ తల కొట్టుకున్నారు. నువ్వు పెట్టింది సెన్యలాత్సియోనే, అంటే ఉత్త సమాచారం, దానికి వాళ్ళకి నచ్చినప్పుడు జవాబిస్తారు. 'రెక్లామో' అన్న మాట రాస్తే అది ఫిర్యాదు, ఫోన్, నెట్ కంపెనీలు 45 రోజుల్లో జవాబివ్వాల్సిందే అన్నారు. నువ్వు రెక్లామో అని రాసినా, జవాబులో మెత్తగా సెన్యలాత్సియోనే అని మార్చేస్తారు, చూసుకోమన్నారు కూడా.

ఆవిడ చెప్తుంటే రాశాను. పైన రెక్లామో. ఫలానా తేదీ నుంచి నెట్ లేదు. ఫలానా తేదీన టెక్నీషియన్ వస్తాడని చెప్పారు, రాలేదు. బాగుచేయండి, పనిచేయని రోజుల డబ్బు బిల్లులో తగ్గించండి, లేకపోతే కోరేకోమ్‌కి వెళ్తాను. కోరేకోమ్ అంటే ఇలాంటి తగాదాల్లో రెండు పక్షాలనీ కూర్చోబెట్టి రాజీ చేసే ప్రాంతీయ సంస్థ, అక్కడ ఫీజు ఉండదు. నేను చివర్న 'ముందస్తు కృతజ్ఞతలతో' అని మొదలుపెట్టగానే నా చేతిలో పెన్ను లాక్కున్నారు. మర్నాడు పోస్టాఫీసులో చీటీ తీసుకుని వరసలో నిలబడి, ముట్టినట్టు రసీదు వచ్చే రిజిస్టరు ఉత్తరం పంపాను. పెక్ అనే సర్టిఫైడ్ ఈమెయిల్ ఉంటే దానికీ అంతే చెల్లుబాటు ఉందట, మాకది లేదు.

తొమ్మిదో రోజున టెక్నీషియన్ వచ్చాడు. వీధి మూలనున్న కేబుల్ పెట్టె తెరిచి చూశాడు. పక్క భవనంలో ఎవరికో కొత్త కనెక్షన్ ఇస్తూ మా జత తీగలు పీకి వాళ్ళవి పెట్టారట. 'ప్రొబ్లెమీనో' అన్నాడు. ఈసారి నిజంగానే చిన్నది, పదకొండు నిమిషాల్లో ఆకుపచ్చ లైటు వచ్చింది. టాబ్లెట్ మీద ఫిర్మెత్తా అడిగితే మొత్తం చదివి పెట్టాను.

శుభవార్త చెప్దామని కిందికెళ్తే, సిన్యోరా మెట్లు కడిగిన దానికి మా వాటా పన్నెండు యూరోలు ఎప్పుడిస్తావని అడిగారు. ఒకటో తేదీన ఇవ్వాల్సినవి. నా నోటి నుంచి దానంతటదే వచ్చేసింది: "సారా మియా కూరా, సిన్యోరా. దొవ్రెబ్బే..."

ఆవిడ కళ్ళజోడు తీసి పెన్ను కోసం చూశారు.