మార్కులు వేయని మేడమ్‌కు థ్యాంక్స్

హన్మకొండలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఫేర్‌వెల్‌లో బీజెడ్‌సీ ఫైనలియర్ అమ్మాయి మాట్లాడిన వీడియో వారం రోజులుగా ఫోన్లలో తిరుగుతోంది. చివర్లో ఆమె గొంతు పూడుకుపోయిన ముక్కనే కత్తిరించి అందరూ పంపుకుంటున్నారు. అసలు వినాల్సింది దానికి ముందున్న నాలుగు నిమిషాలు. సార్లందరికీ పేరుపేరునా దండం పెట్టాక, బాటనీ చెప్పిన గెస్ట్ లెక్చరర్ దగ్గర ఆమె ఆగింది. "మేడమ్ రోజూ పుస్తకం మూయించి రాయించేటోళ్లు. మస్తు కోపమొచ్చేది. నాకు వచ్చు అనుకున్న, తెల్ల కాగితం ముందట పెడితే సగం కూడ రాలె" అంది.

ఆమె ఉదాహరణ క్రెబ్స్ వలయం, అంటే కణం ఆహారంలోంచి శక్తి తీసే రసాయన చర్యల వరుస. గైడులో బొమ్మ చూసింది, పచ్చ స్కెచ్‌తో గీతలు కొట్టింది, నాలుగుసార్లు చదివింది. మర్నాడు క్లాసులో పుస్తకం మూసి రాయమంటే సిట్రేట్, ఐసోసిట్రేట్, ఆల్ఫా కీటోగ్లుటరేట్ దాకా వచ్చి పెన్ను ఆగిపోయింది. కార్బన్ డయాక్సైడ్ రెండుసార్లు వెలువడుతుందని తెలుసు, ఏయే మెట్టులోనో తెలియదు. మేడమ్ మార్కులు వేయలేదు. పుస్తకం తెరిచి ఎవరి కాగితం వాళ్లనే దిద్దుకోమన్నారు. తప్పిపోయిన చోటే మళ్లీ చదివించి, రెండు రోజులాగి ఒకసారి, వారమయ్యాక ఇంకోసారి అదే వలయం రాయించారు. మూడోసారికి సక్సినేట్, ఫ్యూమరేట్, మాలేట్ దాటి వలయం మూసుకుంది.

అక్షరాలు కళ్లకు అలవాటైతే మనసు దాన్ని తెలిసినట్టే లెక్కేసుకుంటుంది. చూసి గుర్తుపట్టడం ఒకటి, చూడకుండా తలలోంచి బయటికి తీయడం ఇంకొకటి. పరీక్ష హాల్లో అడిగేది రెండోది. మన పిల్లలు రాత్రంతా సాధన చేసేది మొదటిది.

2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ దీన్ని లెక్కగట్టి చూపారు. విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకో పాఠాన్ని ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిన పాఠానిదే పైచేయి: దాంట్లో గుర్తున్నది 81 శాతం, రాసిన పాఠంలో 75. వారం తర్వాత తిరగబడింది. రెండుసార్లు చదివిన పాఠంలో మిగిలింది 42 శాతం, రాసిన పాఠంలో 56. అదే పరిశోధనలోని రెండో ప్రయోగంలో, పదేపదే చదివినవాళ్లకే తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువ. ఎగ్జామ్ ముందురాత్రి గైడు తిరగేసి ధీమాగా పడుకునే ప్రతి పిల్లదీ పిల్లగాడిదీ ఇదే కథ.

ఇది బట్టీయే కదా, వెనకబడిన పిల్లలు బెదిరిపోరా అనేవాళ్లున్నారు. అర్థం కాని పాఠాన్ని రాయమంటే బెదురే, నిజమే. ఏమీ రానివాడికి ముందు చెప్పాల్సిందే. దిద్దకుండా వదిలేస్తే తప్పే స్థిరపడే ప్రమాదమూ ఉంది. అందుకే ఆ మేడమ్ దిద్దించాకే క్లాసు ముందుకు నడిపారు. మార్కు లేదు కాబట్టి దాచుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. బెదరగొట్టేది రాయడం కాదు, రాసినదాన్ని నోటీసు బోర్డుకెక్కించడం. కార్పొరేట్ కాలేజీలు వారం వారం చేస్తున్నది అదే. అక్కడ టెస్టు ర్యాంకు తేల్చడానికి, ఇక్కడ ఎక్కడ పోయిందో పిల్లలే కనిపెట్టడానికి.

ఇక అసలు సంగతి. ఆ మేడమ్ గెస్ట్ లెక్చరర్. అంటే జీతం కాదు, చెప్పిన పీరియడ్‌కు ఇంత అని లెక్క. సెలవుల్లో పైసా రాదు, వచ్చే ఏడాది ఉంచుతారో లేదో తెలియదు. క్లాసయ్యాక స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని యాభై అరవై కాగితాలు తిరగేసి, ఎక్కువమంది ఎక్కడ ఆగిపోయారో చూసి, మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టిన సమయానికి ఏ బిల్లులోనూ గడి లేదు. సిలబస్ ఎంతయిందో రాసుకునే రిజిస్టరు ఉంది, పిల్లలకు ఎంత మిగిలిందో రాసే కాలమ్ దాంట్లో లేదు. ఈ పద్ధతికి కావాల్సింది డిజిటల్ బోర్డులూ యాప్‌లూ కాదు, చించిన నోట్‌బుక్ కాగితాలు, వాటిని చదివే మనిషి. ఆ మనిషినే మనం గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుంటున్నాం.

వేదిక మీదున్న పెద్దలు ఆ అమ్మాయికి శాలువా కప్పారు, ఫొటోలు దిగారు. ఏటా తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ దోస్త్‌లో అడ్మిషన్లయ్యాక గెస్ట్ లెక్చరర్ల కోసం ప్రకటన వేస్తారు. ఈసారి దాంట్లో రెండు మార్పులు చేస్తే చాలు: పాతవాళ్లను మళ్లీ డెమో పెట్టకుండా కొనసాగించాలి, రోజుకు ఒక గంట దిద్దుబాటుకు కూడా డబ్బు కట్టాలి. శాలువా కప్పినవాళ్లలో ఆ ప్రకటన మీద సంతకం పెట్టగలవాళ్లూ ఉన్నారు.