సవరణ: రిలేకి 12వ పిన్ను వద్దు

“రాజాం తోటలో మోటారుకి ESP32 పెట్టాను. మీరు చెప్పినట్టే రిలేని 12వ పిన్నుకి ఇచ్చాను. కరెంటు పోయి వచ్చిందంటే బోర్డు లేవట్లేదండీ.”

ఆ పిన్ను చెప్పడం నా పొరపాటే, మన్నించండి. రీసెట్ అయిన క్షణంలో చిప్పు 12వ పిన్నును చదివి ఫ్లాష్‌కి ఎంత వోల్టేజి ఇవ్వాలో తేల్చుకుంటుంది. లో ఉంటే 3.3 వోల్టులు, హై ఉంటే 1.8. లోపలి పుల్‌డౌన్ బలహీనం. లో-ట్రిగ్గర్ రిలే బోర్డు దాన్ని 5 వోల్టుల వైపు లాగేస్తుంది. మామూలు బోర్డుల్లోని 3.3 వోల్టుల ఫ్లాష్‌కి 1.8 చాలదు, సీరియల్ మానిటర్‌లో ఇదే మళ్లీ మళ్లీ వస్తుంది:

```
flash read err, 1000
```

రిలే సిగ్నల్ వైరు ఒక్కటే పీకి EN నొక్కండి. లేచిందంటే కారణం అదే. వైరును 27కి మార్చి, కోడ్‌లోనూ 12 బదులు 27 రాయండి. రిలే వైర్లు ముట్టుకునే ముందు మోటారు సప్లై ఆపడం మరవకండి.