గోరు మీద సుత్తి, రాయి మీద మూడేళ్లు

పోయిన నెల ఒక శనివారం మా ఆఫీసులో జపాన్ దిగింది. ఈ ఏడాది ఇంక్రిమెంట్లు లేవని తేలిన వారంలోనే సిబ్బందికి ‘మానసిక దృఢత్వం’ మీద శిక్షణ ఇప్పించాలని పైవాళ్లకు తోచింది. సెలవు రోజైతే పని పాడవదు కదా అని శనివారం పెట్టారు. టై కట్టుకున్న ట్రైనర్ గారు వచ్చి తలా ఒక రంగుల పుస్తకం పంచారు. ఎడమ పేజీలో జపాన్ సామెత, దాని వెనక చెర్రీ పూల చెట్టు. కుడి పేజీలో ‘మన పల్లె మాట’, దాని వెనక ఎడ్లబండి. ఏ పేజీ తిప్పినా అదే చెట్టు, అదే బండి. కాకపోతే ఎడ్లు ఒక పేజీలో కుడివైపు, మరో పేజీలో ఎడమవైపు నడుస్తుంటాయి. ఉన్న ఒక్క బొమ్మనే తిరగేసి వేశారన్నమాట.

నేను చదవడం మొదలుపెట్టింది మూడో పేజీ దగ్గర. అక్కడితో ఆగిపోయాను కూడా. ఎడమవైపు ఇలా ఉంది: “బయటకు పొడుచుకు వచ్చిన గోరు సుత్తితో కొట్టబడుతుంది.” కుడివైపు: “గోరుచుట్టు మీద రోకటిపోటు.”

ఒక్క నిమిషం నేనే పొరబడ్డాననుకున్నాను. జపాన్‌లో పెరిగిన గోళ్లను సుత్తితో సరిచేస్తారేమో, మనకు తెలియని సంస్కృతి ఏముందో అని కొంచెం గౌరవంగానే కూర్చున్నాను. ట్రైనర్ గారు కూడా ఏ తడబాటూ లేకుండా వివరించారు: “గోరు అంటే ఇక్కడ మన అహంకారం. సుత్తి అంటే జీవితం.” మా స్టోర్స్‌లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన తన చేతులు ఎత్తి చూసుకున్నాడు. పక్కనున్న అమ్మాయి నెయిల్ పాలిష్ వేసుకుని వచ్చినట్టుంది, చేతులు మెల్లగా చున్నీ కిందికి పోనిచ్చింది. వెనక వరుసలో ఎవరో “సార్, కాలి గోళ్లకు కూడా వర్తిస్తుందా?” అని అడిగారు. వర్తిస్తుందన్నారు ట్రైనర్ గారు. ఎదుగుదల ఏ దిక్కున ఉన్నా క్రమశిక్షణ అవసరమట. ఆ మాట బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశారు.

జరిగింది ఏమిటంటే, జపాన్ సామెత ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు ‘నెయిల్’ అయింది. ఆ నెయిల్ తెలుగులోకి వచ్చేటప్పుడు మేకు కావలసింది, దారి తప్పి గోరైంది. గోరు దొరికాక రోకలి ఎంతసేపు, అదీ వచ్చేసింది. అసలు జపాన్ వాళ్లు మేకు అనను కూడా అనలేదు. “దెరు కుయి వా ఉతరెరు” అన్నారు. కుయి అంటే నేలలో దిగగొట్టే కొయ్య, గుంజ. వరసగా గుంజలు పాతుతున్నారు, వాటిలో ఒకటి మిగతావాటికంటే జానెడు ఎత్తు మిగిలింది. దానికే ఇంకో రెండు దెబ్బలు పడతాయి. దొడ్లో గొడ్లను కట్టే గుంజ పాతిన రైతు ఎవరికైనా ఈ బొమ్మ చూపిస్తే అర్థం చెప్పక్కరలేదు. నలుగురిలో ఎత్తుగా కనబడితే నీ నెత్తిన పడుతుంది, అంతే.

మరి గోరుచుట్టు సంగతి? వేలు వాచి, చీము పట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలూ కొట్టుకుంటూ ఉంటుంది. దంచుతుంటే రోకలి సరిగ్గా ఆ వేలి మీదే పడుతుంది. కష్టం మీద కష్టం అన్నమాట. దీనికి జపాన్‌లో అచ్చంగా సరిపోయే జోడు ఉంది: “నకిత్సురా ని హచి.” ఏడుస్తున్న మొహం మీద కందిరీగ కుట్టడం. వాచిన చోటే దెబ్బ, ఏడ్చే మొహానికే కాటు. ఇంతకంటే మంచి జంట ఎక్కడ దొరుకుతుంది? పుస్తకంలో కందిరీగ కూడా ఉంది, కానీ దాన్ని “తేనెటీగల్లా శ్రమించు” అనే పేజీలో పనికి పెట్టారు.

పోనీ గుంజ సామెతకు మనవైపు జోడు ఏది? “కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు” అని నేను చాలాకాలం అనుకున్నాను. దగ్గరదే. కానీ ఆ మాట ఎవరు ఎవరితో అంటారో చూడండి. దెబ్బ తిన్నవాడి పక్కన కూర్చుని, “నీలో సరుకుంది కాబట్టే కొడుతున్నారు, ఊరుకో” అని ఓదార్చేవాడు అంటాడు. గుంజ సామెత ఎక్కువగా దెబ్బ పడకముందే వస్తుంది: “అంత పైకి లేవకు, కొడతారు.” చెట్టు సామెత చెట్టు వైపు నిలబడుతుంది. గుంజ సామెత ఎటు నిలబడుతుందో చెప్పేవాణ్ణి బట్టి ఉంటుంది, ఒక్కోసారి చెప్పేవాడి చేతిలోనే సమ్మెట ఉంటుంది. రెండింట్లోనూ ఒకడు ఎత్తుగా ఉన్నాడు, ఒకడు కొడుతున్నాడు. ఆ పోలిక చూసి జత కట్టేస్తే పెళ్లిచూపుల్లో ఎత్తు కొలిచి సంబంధం ఖాయం చేసినట్టే.

న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఒక జంట బాగా కుదిరింది. “పట్టని తనుకి తోలుకు లెక్కలు వేయడం.” తనుకి అంటే అక్కడి అడవుల్లో తిరిగే, నక్కకు చుట్టమనిపించే బొచ్చు జంతువు. మన భాషలో దానికి పేరు లేదు. పుస్తకంలో దాన్ని ఎలుగుబంటి చేశారు, క్షమించేద్దాం. దాని ఎదురుగా “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.” అక్కడివాడు ఇంకా వలలో పడని జంతువు తోలు అమ్మితే ఎంత వస్తుందో లెక్కలు వేస్తున్నాడు. మనవాడు ఇంకా పెళ్లే కాలేదు, బారసాల దాకా వెళ్లిపోయాడు. వాళ్లకు బేరం తొందర, మనకు వంశం తొందర. మా సెక్షన్‌లో ఇంక్రిమెంట్ వస్తుందని ముందే బండికి అడ్వాన్స్ కట్టిన కుర్రాడు ఆ పేజీ దగ్గర ఎంతసేపు కూర్చున్నాడో నేను చూశాను.

తర్వాత వచ్చింది “ధూళి అయినా పోగుపడితే కొండ అవుతుంది.” ఎడ్లబండి మీద “బిందువు బిందువు కలిస్తే సింధువు.” ఏ పల్లెలో ఏ అవ్వ ‘సింధువు’ అందో ట్రైనర్ గారినే అడగాలి. అది అలా ఉంచండి. ఈ ధూళి మాటకు మూలం వెతికితే జపాన్ దాటి చైనాకు పోతుంది. అక్కడ అయిదో శతాబ్దం మొదట్లో కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చిన ఒక పెద్ద బౌద్ధ వ్యాఖ్యానం ఉంది. ధూళి కణాలు పోగై కొండ అయితే కదపడం కష్టం అనే పోలిక అందులోదే. ఆ గ్రంథానికి కర్తగా చెప్పే పేరు నాగార్జునుడు. నిజంగా ఆయనే రాశాడా అని పండితులు వాదించుకుంటారు, సంస్కృత మూలం ఇప్పుడు దొరకదు కూడా. అయినా ఆ పేరుతో ఒక కొండ మనకు కృష్ణా నది మీదే ఉంది. సాగర్ డ్యామ్ నీళ్లలో సగం మునిగి దీవిగా మిగిలింది. ఆ కొండ పేరింటి ఆయన ఖాతాలో ఉన్న మాట చైనా వెళ్లి, జపాన్ వెళ్లి, ఇంగ్లీషు నేర్చుకుని తిరిగొస్తే మేం సెలవు రోజున కూర్చుని నోట్స్ రాసుకున్నాం. ఇక “ఒకే రాయితో రెండు పక్షులు” అని వాళ్లు వేసిన జపాన్ జ్ఞానమైతే జపాన్ వాళ్లే ఇంగ్లీషు నుంచి అనువాదం చేసుకున్నది. దాన్ని మళ్లీ ఇంగ్లీషులోంచి మనం తెచ్చుకున్నాం. పాపం ఆ పక్షులు.

చివర్లో ప్రశ్నలకు టైమిచ్చారు. అడ్వాన్స్ కట్టిన కుర్రాడు లేచి, ఇంక్రిమెంట్ల సంగతి ఎప్పుడు తేలుతుందని అడిగాడు. ట్రైనర్ గారు చిరునవ్వు నవ్వి ఆఖరి పేజీ తీయమన్నారు. “రాయి మీదైనా మూడేళ్లు.” చల్లటి రాయి అయినా మూడేళ్లు కదలకుండా కూర్చుంటే వెచ్చబడుతుంది. అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు, మూడేళ్లు నిలబడండి, తొందరపడి మానేయకండి అని దీన్నే చెబుతుంటారు. ఎదురు పేజీలో “ఓర్చినమ్మకు తేటనీరు.” మా మేనేజర్ గారు మొదట చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్నది రాయి కాదు, చక్రాలున్న ఆఫీసు కుర్చీ. అది కావలసిన వైపుకు తిరుగుతుంది కూడా.

ఈ జంటలో తప్పు లేదు. పుస్తకం మొత్తంలో ఇదే బాగా అతికింది, అందుకే నాకు ఒళ్లు మండింది.

తేటనీరు అంటే ఏమిటో ఆ ఎడ్లబండి వేసినవాడికి తెలుసా? ఎండాకాలం ఏట్లో ఇసుక తవ్వితే చెలమ పడుతుంది. మోకాటి లోతు గుంట, అడుగున రెండు చెంబుల నీళ్లు. ముందొచ్చినవాళ్లు తొందరగా చిప్పతో తోడేసరికి అడుగున ఉన్న బురద లేచి నీళ్లన్నీ ఎర్రగా అయిపోతాయి. కాసేపు గట్టున కూర్చున్న ఆడమనిషికి మడ్డి దిగాక పైన తేట దొరుకుతుంది. చక్కటి మాట. దాహం వేసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నంతవరకు చక్కటి మాట.

మా పిన్నికి ఈ మాట మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ ఆమె చేతిసంచితో పుట్టింటికి వచ్చినప్పుడే. మొదటిసారి పెదవి చిట్లి ఉంది. అరుగు మీద పెద్దలు కూర్చుని, మజ్జిగ తాగి, “ఓర్చినమ్మకు తేటనీరు తల్లీ” అని సాయంత్రం బస్సెక్కించారు. ఓర్చిన‘అమ్మ’కే ఎందుకయ్యా? ఓర్చినయ్య అని ఒక్క సామెత ఎందుకు లేదు? చిప్ప పెట్టి కెలుకుతున్నవాడు అక్కడ కెలుకుతూనే ఉంటే ఈవిడ గట్టున కూర్చుని ఎన్నేళ్లు చూడాలి? పద్నాలుగేళ్లు చూసింది. తేట రాలేదు. మనిషి పోయింది. అరుగు మీది వాళ్లలో ఒక్కడు కూడా ఒక్క పూట ఆ ఇంట్లో కూర్చోలేదు. రాయి వెచ్చబడిందట! దేని వేడితో వెచ్చబడింది? కూర్చున్నవాడి ఒంట్లో వేడితోనేగా.

చెప్పానుగా, జంట బాగా కుదిరింది. రెండు దేశాల్లోనూ ఈ మాట లేచి నిలబడినవాళ్లు చెబుతారు, కూర్చున్నవాళ్లు వింటారు.

ట్రైనర్ గారు అందరి చేతా కళ్లు మూయించి, రాయి మీద కూర్చున్నట్టు ఊహించుకోమని, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోయారు. నెలాఖరున జీతం స్లిప్పులు వచ్చాయి. ఇంక్రిమెంట్ ఊసు లేదు. కింద కొత్తగా ఒక గీత కనబడింది: ‘శిక్షణ సామగ్రి’, 180 రూపాయల కోత. ఆ పుస్తకం ధర. స్టోర్స్ పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని స్లిప్పు రెండుసార్లు చదివాడు. కాగితం నా వైపు తిప్పి, ఆ గీత మీద గోరు ఆనించి అడిగాడు:

“అయ్యా, మీరన్న కందిరీగ ఇదేనా?”