నెలసరి తేదీ చాలు, మిగతావి ఎవరి కోసం?

‘చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?’ గాంధీ ఆస్పత్రి ఓపీలోనైనా, మాదాపూర్ క్లినిక్‌లోనైనా గైనకాలజిస్టు ముందుగా అడిగేది ఇదే. అమీర్‌పేట హాస్టల్లో ఉండే అమ్మాయి ఫోన్ తీసి ఆరు నెలల తేదీలు చూపించగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది. పీరియడ్ ట్రాకర్ యాప్‌ల అసలు ప్రయోజనం ఈ రికార్డే.

అంచనాల సంగతి వేరు. చాలా యాప్‌లు పాత నెలసరుల మధ్య రోజులకు సగటు కట్టి, అందులోంచి 14 తీసేసి అండం విడుదలయ్యే రోజు ఇదని చెబుతాయి. దానికి ముందు ఐదు రోజులు కలిపి గర్భం వచ్చే అవకాశమున్న రోజులుగా చూపిస్తాయి. పీసీఓడీ ఉన్న అమ్మాయికి వరసగా 31, 44, 36 రోజులకు నెలసరి వచ్చిందనుకుందాం. సగటు 37. కాబట్టి 18 నుంచి 23వ రోజు వరకే అవకాశమని యాప్ అంటుంది. ఈసారి నెలసరి 53 రోజులకు వస్తే? అండం 39వ రోజు ప్రాంతంలో విడుదలై ఉంటుంది. అంటే యాప్ భయం లేదన్న రోజులే అసలు అవకాశమున్న రోజులు. గర్భనిరోధానికి ఈ లెక్కను నమ్ముకోవడం ప్రమాదం.

ఈ లెక్కకు కావాల్సింది తేదీలే. మరి కలయిక వివరాలు, మూడ్, ఈమెయిల్, లొకేషన్ ఎందుకు అడుగుతున్నట్టు? యాప్‌లో ఇతర కంపెనీల కోడ్ ముక్కలు ఉంటాయి. మనం ఏది నొక్కినా ఒక పేరుతో ఆ కంపెనీలకు కబురు వెళ్లగలదు. ‘ఫ్లో’ యాప్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో చేసిన ఫిర్యాదు ఇలాంటిదే. గర్భం ఎన్నో వారమో ఎంచుకోగానే `R_PREGNANCY_WEEK_CHOSEN` అనే పేరు నమోదయ్యేది. గోప్యంగా ఉంచుతామన్న ఇలాంటి సమాచారం ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరిందన్నది ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీపడింది. ఇకపై అనుమతి తీసుకున్నాకే ఆరోగ్య వివరాలు పంచుకోవాలన్నది షరతు.

మన దగ్గర 2011 ఐటీ నిబంధనలు ఆరోగ్య వివరాలను సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. 2023 డేటా రక్షణ చట్టం మాత్రం నెలసరి తేదీని, కరెంటు బిల్లు చిరునామాను ఒకే గాటన కట్టింది. ఇది మాకు బొత్తిగా సమ్మతం కాదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లలో ఇలాంటి విషయం బయటికి పొక్కితే ఆ పిల్ల పడే నరకం హైదరాబాద్‌లో ఎవరికీ వివరించక్కర్లేదు.

అకౌంట్ అడగకుండా, వివరాలను ఫోన్‌లోనే దాచే ‘డ్రిప్’ వంటి యాప్‌లు ఉన్నాయి. అమ్మాయిలు అలాంటివే ఎంచుకోవాలని మా సూచన. పాత యాప్‌ను ఊరికే తీసేస్తే సర్వర్‌లో ఉన్నది పోదు. ముందు అందులోనే అకౌంట్‌ను, డేటాను డిలీట్ చేయమని కోరాలి. ఇక కేంద్రం పునరుత్పత్తి ఆరోగ్య సమాచారాన్ని చట్టంలో ప్రత్యేక వర్గంగా చేర్చి, ప్రకటనల కంపెనీలకు అది చేరడాన్ని పూర్తిగా నిషేధించాలి.