ఈ-రీడర్‌లో తెలుగు: సైజు పెంచే ముందు వరుసల ఎడం చూడండి

ఈ-రీడర్‌లో తెలుగు చదవడం కష్టంగా ఉంటే చాలామంది ముందు అక్షరం సైజు పెంచుతారు. మొదట సరిచేయాల్సింది వరుసల మధ్య ఎడం అని నా అభిప్రాయం.

ఇంగ్లిష్ పుస్తకాల్లో ఈ ఎడం సాధారణంగా అక్షరం సైజుకు 1.2 రెట్ల దగ్గర ఉంటుంది. ఆ లిపికి అది చాలు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద టవత్తు, దానికి తోడు క్రావడి. సరిగ్గా దాని కింది వరుసలో ‘కీర్తి’ వచ్చిందంటే ఒత్తూ గుడిదీర్ఘమూ ఒకదాన్నొకటి తాకుతాయి. కన్ను ఏ గుర్తు ఏ వరుసదో విడదీసుకుంటూ పోవాలి. అలసట అక్కడ మొదలవుతుంది. సైజు పెంచితే ఒత్తులూ అదే లెక్కన పెరుగుతాయి కాబట్టి ఇరుకు ఇరుకుగానే ఉంటుంది.

కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లే నా మిత్రుడికి ఇదే ఇబ్బంది. ఆరంగుళాల రీడర్‌లో సైజు పెంచుకుంటూ పోయాడు. వరుసకు మూడు మాటలే మిగిలాయి. ఇద్దరం కూర్చుని సైజు రెండు మెట్లు తగ్గించి, ఎడం 1.7 దాకా పెంచాం. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలున్న పేజీ తీసి, ఒత్తుకూ కింది గుడికీ మధ్య తెల్లటి సందు కనిపించేదాకా జరిపాం. పరీక్ష అంతే.

తర్వాత మార్జిన్లు. తెలుగు మాటలు పొడవు. చిన్న తెర మీద వెడల్పాటి మార్జిన్ పెడితే, రెండు అంచులూ సమంగా సర్దే అమరికలో మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. అందుకే మార్జిన్ తగ్గించి, అమరికను ఎడమవైపుకే ఉంచాం. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా చదువు సాఫీగా సాగుతుంది.

ఫాంటు విషయంలో, పాత రీడర్ల తెర మీద సన్నగీతల ఫాంట్లు విరిగినట్టు కనిపిస్తాయి. గీత మందం ఒకేలా ఉండే Noto Sans Telugu గానీ మండలి గానీ మేలు. కిండిల్, కోబోల్లో కేబుల్ పెట్టి `fonts` అనే ఫోల్డర్‌లో ఫాంటు ఫైలు వేస్తే మెనూలో కనిపిస్తుంది. ఒత్తు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడితే మాత్రం అది సాఫ్ట్‌వేర్ లోపం, మార్జిన్లూ ఎడమూ ఎంత మార్చినా పోదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ పేజీ బొమ్మతో సమానం, దానికీ ఈ సర్దుబాట్లు పనిచేయవు.

రంగును నేను చివర పెడతాను. ఈ-ఇంక్ తెరలో చాలావరకు మారేది కాగితం రంగు కాదు, దాని మీద పడే లైటు రంగు. పగలు కిటికీ పక్కన ఎండలో దాని తేడా కనిపించదు, రాత్రి పసుపు వైపు జరిపి వెలుతురు తగ్గిస్తే హాయి. ఫోన్‌లోనైతే లేత గోధుమ రంగు నేపథ్యం బాగుంటుంది. నలుపు మీద తెలుపు అక్షరాలు ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు చెదిరినట్టు కనిపించవచ్చు, అప్పుడు ఒత్తుల మధ్య ఉన్న కాస్త సందూ పూడుకుపోతుంది.